గోడ మీద చీటీలు 79, లెక్కలో 80

మేధోమథనం ముగిసిన గదిలో చివరికి మిగిలేది గోడ నిండా రంగు చీటీలు. వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళిపోతారు. ఒకరు ఫోన్ తీసి గోడను నాలుగు ముక్కలుగా ఫొటో తీస్తారు, ఇంకొకరు చీటీలు పీకేస్తారు. రెండు రోజుల తర్వాత ఆ నాలుగు ఫొటోలు ఎవరి చేతికో వస్తాయి, "వీటిని అంశాలవారీగా వేరుచేసి, ఒక్కోదాని కింద ఎన్ని వచ్చాయో రాసివ్వండి" అన్న మాటతో పాటు. గంటలో అయిపోయే పనిలా కనిపిస్తుంది. చేయడం మొదలుపెట్టాక అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు.

పొసగకపోవడానికి ప్రధాన కారణం ఒక్కటే. దేన్ని లెక్కపెడుతున్నామో ముందు తేల్చుకోకుండానే లెక్క మొదలవుతుంది. ఫొటోలో కనిపించిన కాగితాలనా, గోడ మీద నిజంగా ఉన్న కాగితాలనా, వాటి మీది అభిప్రాయాలనా, రాసిన మనుషులనా? ఒకే గోడకు ఈ నాలుగు లెక్కలూ నాలుగు అంకెలు ఇస్తాయి.

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. మండల కేంద్రంలో ఒక శాఖా గ్రంథాలయం. పొద్దున 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా తెరిచి ఉంటుంది, శుక్రవారం సెలవు. "ఇక్కడ ఏం మారాలి?" అన్న ప్రశ్నతో 26 మందిని కూర్చోబెట్టారు. పోటీ పరీక్షలకు చదివే యువత 15 మంది, వాళ్ళకు పసుపు చీటీలు. ఆడవాళ్ళు 6గురు, వాళ్ళకు గులాబీ. రోజూ పేపరు చదవడానికి వచ్చే పెద్దవాళ్ళు 5గురు, వాళ్ళకు ఆకుపచ్చ. రంగులు ఇలా పంచడం నిర్వాహకుల ముందుచూపు. దాని విలువ లెక్క చివర్లో తెలుస్తుంది.

ఫొటోలు నాలుగు. మొదటి దాంట్లో 26 చీటీలు, రెండో దాంట్లో 24, మూడో దాంట్లో 21, నాలుగో దాంట్లో 20 కనిపిస్తున్నాయి. కూడితే 91. ఈ 91 దేని సంఖ్యా కాదు. గోడను ముక్కలుగా తీసేటప్పుడు ఏదీ తప్పిపోకూడదని ప్రతి ఫొటోలోనూ పక్క ఫొటోలోని ఒక వరుస వచ్చేలా తీస్తారు, తీయాలి కూడా. ఆ అంచు వరుసలు రెండేసిసార్లు లెక్కకు వచ్చేశాయి. మొదటి, రెండో ఫొటోల మధ్య 5, రెండు మూడు మధ్య 4, మూడు నాలుగు మధ్య 3, మొత్తం 12. తీసేస్తే గోడ మీద ఉన్నవి 79.

రెండుసార్లు కనిపించిన చీటీని పట్టుకోవడం చెప్పినంత తేలిక కాదు. ఒకే మాట ఇద్దరు రాసి ఉండవచ్చు. రెండో ఫొటోలో కుడి అంచున "శుక్రవారం కూడా తెరవాలి" అని ఒక పసుపు చీటీ ఉంది. మూడో ఫొటోలో ఎడమ అంచున అదే మాటతో ఒక పసుపు చీటీ, దానికి కాస్త దూరంలో మళ్ళీ అదే మాటతో ఇంకొకటి. మాటను బట్టి చూస్తే మూడూ ఒకటే. పక్కవాటిని బట్టి చూడాలి. మొదటి రెండింటికీ కింద మూల చిరిగిన ఆకుపచ్చ చీటీ ఉంది, రెండూ ఎడమకు ఒకే వాలులో ఒరిగి ఉన్నాయి. కాబట్టి అవి ఒకే కాగితం, ఒకటి కొట్టేయాలి. మూడోదాని చుట్టూ ఉన్నవి వేరు, "శు" రాసిన తీరు వేరు. అది వేరొకరు రాసింది, ఉంచాలి. ఒకే కాగితం రెండు ఫొటోల్లో పడితే ఒకటి, ఒకే మాట ఇద్దరు రాస్తే రెండు. ఈ తేడా పట్టించుకోకుండా మాట కలిసిందల్లా ఒకటి చేసేస్తే, ఎక్కువమంది అడిగిన విషయమే లెక్కలో అన్నిటికన్నా చిన్నదై కూర్చుంటుంది.

ఆ 12 అటూ ఇటూ అయితే ఏమవుతుందనిపించవచ్చు. జనం చీటీ అంటించేటప్పుడు తమ మాటకు దగ్గరగా ఉన్న చీటీ పక్కనే అంటిస్తారు. అందువల్ల అంచు వరుసలో పడ్డవి తరచూ ఒకే విషయానికి చెందినవి అవుతాయి. ఈ గోడ మీద ఆ 12లో 4 వేళల గురించినవి. తీసేయకపోతే వేళలకు 18 వస్తాయి, తీసేస్తే 14. పరీక్షల పుస్తకాల గురించి వచ్చినవి 17, వాటిలో ఒక్కటీ అంచున లేదు. అంటే ఫొటోల అంచుల వల్ల రెండో స్థానమూ మూడో స్థానమూ తారుమారవుతాయి.

79లో 3 చీటీలు నిర్వాహకులవి. ఒకదాని మీద ప్రశ్న, రెండింటి మీద బాణం గుర్తులు. అవి అభిప్రాయాలు కావు, తీసేయాలి. మిగిలినవి 76. వాటిలో రెండు చదవడానికి వీల్లేదు. ఒకటి కింది నుంచి పైకి చుట్టుకుపోయింది. చీటీని కట్ట నుంచి కింది అంచు పట్టి పైకి లాగితే జిగురు దగ్గర కాగితం వంగి, గోడకు అంటించాక అది అలా లేచి నిలబడుతుంది. పక్క నుంచి లాగితే చదునుగా ఉంటుంది. రెండోది పెన్సిల్‌తో రాసింది, ట్యూబ్‌లైట్ మెరుపులో గీతలు కూడా కనబడటం లేదు. ఈ రెండింటినీ పారేయకుండా "చదవలేనివి 2" అని ఒక పంక్తిలో రాసి, వాటి ఫొటో ముక్కలు పక్కన పెట్టాలి.

చదవగలిగినవి 74. అయితే ఒకే చీటీ మీద రెండు విషయాలు రాసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. "ఫ్యాన్లు తిరగవు, బాత్రూమ్ కంపు" అన్నది ఒక కాగితమే కానీ రెండు ఫిర్యాదులు. ఇలాంటివి 6. వీటిని విడదీస్తే లెక్కించాల్సిన అభిప్రాయాలు 80. విడదీయడానికి ఒక హద్దు కావాలి, లేకపోతే దానికి అంతుండదు. రెండు ముక్కలూ వేర్వేరు శీర్షికల కిందకు వెళ్ళేటట్లయితేనే విడదీయాలన్నది పనికొచ్చే హద్దు. "గ్రూప్-2, ఎస్సై, డీఎస్సీ పుస్తకాలు కొత్తవి కావాలి" అన్న చీటీలో మూడు పరీక్షలున్నా అది ఒకే అభిప్రాయం.

ఇక్కడొక చిక్కు ఉంది, దానికి పూర్తి పరిష్కారం లేదు. ఆ మూడు పరీక్షల పేర్లనూ ఒకరు ఒకే చీటీ మీద రాశారు. ఇంకొకరు, నీలం మార్కర్‌తో, కొమ్ములు సాగదీసి రాసే చేతిరాతతో, ఒక్కో పరీక్షకు ఒక్కో చీటీ చొప్పున వరుసగా నాలుగు అంటించారు. మొదటి మనిషి బరువు 1, రెండో మనిషి బరువు 4. అందుకే ఏ పట్టిక పైనైనా "ఇవి చీటీల సంఖ్యలు, మనుషుల సంఖ్యలు కావు" అన్న మాట ఉండాలి. పుస్తకాల కింద 17 అని రాసినచోట "వీటిలో 4 ఒకే చేతిరాతవి" అని పక్కనే చెప్పేస్తే చదివేవాళ్ళు తమంతట తాము సర్దుకుంటారు. చేతిరాత పోలికతో ఆ నాలుగింటినీ ఒకటిగా మార్చేయడం మాత్రం మరీ సాహసం.

గుంపు ముందు, పేరు తర్వాత

ఈ రకం వర్గీకరణకు పునాది వేసింది జపాన్ మానవశాస్త్రవేత్త జిరో కవకిత. నేపాల్ హిమాలయ గ్రామాల్లో క్షేత్ర పరిశోధన చేసిన ఆయన, కుప్పలుగా పోగయ్యే రాతల్ని చిన్న కాగితపు ముక్కల మీదకు ఎక్కించి, బల్ల మీద పరచి, దగ్గరివాటిని దగ్గర చేర్చే పద్ధతి ఒకటి రూపొందించారు. 1967లో దాన్ని పుస్తకంగా వెలువరించారు. ఇంటిపేరు ముందు రాసే జపాన్ అలవాటు ప్రకారం ఆయన పేరులోని తొలి అక్షరాలతో అది కేజే పద్ధతి అయింది. మన చేతుల్లోని స్టికీ నోట్లు అమెరికా బజారులోకి వచ్చింది 1980లో. అంటే జిగురు చీటీకన్నా చీటీలను గుంపు చేసే పద్ధతే పాతది.

కవకిత పట్టుబట్టిన విషయం వరుసక్రమం. ముందు పెట్టెలు తయారుచేసుకుని చీటీలను వాటిలో పడేయకూడదు. ముందు చీటీలను చదవాలి, ఒకే మాట చెబుతున్నట్టు అనిపించినవాటిని దగ్గర చేర్చాలి, చివర్లో ఆ గుంపుకు పేరు రాయాలి. ఆ పేరును ఆయన ఇంటి గుమ్మం పక్కన ఉండే పేరుపలకతో పోల్చారు. పలక చదివితే లోపల ఎవరుంటారో తెలియాలి.

గ్రంథాలయం గోడతో ఈ తేడా చూడవచ్చు. తొందరలో ఉన్నవాళ్ళు మొదట రాసుకునే పెట్టెలు దాదాపు ఎక్కడైనా ఇవే: సౌకర్యాలు, పుస్తకాలు, సమయం, సిబ్బంది, ఇతరములు. "సౌకర్యాలు" అన్న పెట్టెలోకి కుర్చీలు, ఫ్యాన్లు, చార్జింగ్ ప్లగ్గులు, మరుగుదొడ్డి అన్నీ కలిసి వెళ్ళిపోతాయి. 34 వస్తాయి. పెద్ద అంకె, ఘనంగా కనిపిస్తుంది. దాంతో ఏం చేయాలో ఎవరికీ తెలియదు. "సౌకర్యాలు 34" అని చదివిన అధికారి నాలుగు ఫ్యాన్లు మంజూరు చేసి పని అయిందనుకోవచ్చు.

కింది నుంచి వెళ్తే ఆ 34 రెండుగా చీలుతుంది. కుర్చీలు చాలవన్నవి 9, ఉక్క గురించి 8, ప్లగ్గులు, లైట్ల గురించి 6. ఈ మూడూ వేర్వేరు వస్తువులే కానీ చెబుతున్నది ఒకటే, ఇక్కడ ఎక్కువసేపు కూర్చుని చదవడం కుదరడం లేదని. ఆ 23 ఒక గుంపు. మరుగుదొడ్డి గురించిన 11 వేరే గుంపు. రెండూ కట్టడానికి సంబంధించినవే అయినా, ఒకటి చదువు సాగకపోవడం, ఇంకొకటి అసలు రాలేకపోవడం.

చీటీలో ఉన్న పదాన్ని పట్టుకుని గుంపు చేయడం ఇంకో పొరపాటు. "ఫ్యాను కింద సీటు కోసం ఏడింటికే లైన్ కట్టాలి" అని ఒక చీటీ. "ఏడింటికే" అన్న మాట చూసి వేళల్లో పడేస్తే తప్పు, ఆ మనిషి పొద్దున్నే తెరవమని అడగడం లేదు. కూర్చునే చోటు చాలడం లేదంటున్నాడు. "మధ్యాహ్నం మూసేస్తే బస్టాండులో కూర్చుని చదువుకుంటున్నాం" అన్న చీటీలో కూర్చోవడం ఉంది, కానీ అది వేళలదే. పదాల్ని వెతికి వడపోసే పద్ధతి ఈ రెంటినీ తలకిందులుగా పెడుతుంది. ఈ పనిలో ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, పట్టాలి కూడా.

శీర్షిక ఎలా ఉండాలన్న ప్రశ్నకు సులువైన పరీక్ష ఒకటుంది. చీటీలన్నీ దాచేసి శీర్షిక ఒక్కటే గ్రంథపాలకుడికి చదివి వినిపిస్తే, ఆయనకు విషయం అర్థం కావాలి. "సమయం" అంటే అర్థం కాదు. వేళల గుంపులో ఉన్నవి శుక్రవారం తెరవమన్నవి 6, మధ్యాహ్నం మూయవద్దన్నవి 5, రాత్రి ఇంకాసేపు ఉంచమన్నవి 3. మూడింటినీ కలిపే మాట "జనానికి తీరిక దొరికే వేళలో గ్రంథాలయం మూసి ఉంటోంది". కాస్త పొడవే, కానీ పేరుపలక పని చేస్తుంది. శీర్షికను వాక్యంగా రాస్తే ఇంకో లాభం ఉంది. గుంపులోని ప్రతి చీటీనీ దాని పక్కన పెట్టి "ఇది ఈ మాటే అంటోందా?" అని అడగవచ్చు. "సమయం" అన్న ఒంటి పదానికి ఏ చీటీ అయినా ఒదిగిపోతుంది, తప్పు బయటపడదు.

ఆ రాత్రివేళ చీటీల్లో ఒకటి "6 దాకా తెరవాలి" అనో "8 దాకా తెరవాలి" అనో ఉంది, అంకె పై భాగం మార్కర్ పాకి మూసుకుపోయింది. ఇప్పుడే 7 దాకా తెరిచి ఉంటోంది కాబట్టి 6 అడగడంలో అర్థం లేదు, 8 అయి ఉండాలి. అలాగే రాయవచ్చు, కానీ పక్కన ప్రశ్నార్థకం ఉంచాలి. ఊహించి చదివినదాన్ని చదివినట్టే రాసేస్తే, తర్వాత సరిచూసేవాళ్ళకు ఎక్కడ వెతకాలో తెలియదు.

పట్టికలో ఎక్కించేటప్పుడు

చీటీకి ఒక వరుస చొప్పున స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించడం మంచిది. మొదటి గడిలో చీటీ గుర్తు: రెండో ఫొటోలో ఏడోదైతే `P2-07`, విడదీసినదైతే `P2-07a`, `P2-07b`. తర్వాత ఉన్నది ఉన్నట్టు రాసిన మాట, తప్పులు దిద్దకుండా. తర్వాత రంగు, గుంపు, అనుమానం. లెక్క సూత్రమే చూసుకుంటుంది:

```
=COUNTIF(D:D,"T3")
```

గుంపు గడిలో తెలుగు శీర్షిక మొత్తం రాయకుండా `T3` లాంటి చిన్న గుర్తు రాయడానికి కారణం ఉంది. తెలుగులో రెండు పదాలు కంటికి ఒకేలా కనిపించి కంప్యూటర్‌కు వేరుగా ఉండవచ్చు. "ప్లగ్‌లు" అని టైపు చేసినప్పుడు గ్, లు అతుక్కోకుండా కీబోర్డు మధ్యలో కనిపించని అక్షరం ఒకటి పెడుతుంది. దాని బదులు ఖాళీ పడితే ఇంకో పదం అవుతుంది. చివర్లో ఒక స్పేస్ మిగిలిపోయినా అంతే. 23 రావాల్సిన చోట 21 వస్తుంది, రెండు చీటీలు ఏమయ్యాయో గంటసేపు వెతికినా దొరకవు. అన్ని గుంపులూ కూడితే 80 రావాలి. రాకపోతే మొదట వెతకాల్సింది ఈ స్పేస్‌నే.

ఫొటోల విషయంలో చెప్పుకోవాల్సింది తక్కువ. గోడకు ఎదురుగా నిలబడి తీయాలి, ఫ్లాష్ వేయకూడదు, మొత్తం గోడ ఒక్క ఫొటోలో పట్టేలా దూరం నుంచి ఒకటి కూడా తీసుకోవాలి. దూరపు ఫొటోలో అక్షరాలు కనబడవు కానీ ఏది ఎక్కడుందో తెలుస్తుంది, అంచు వరుసల తగువు తీరుస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే అక్షరాలు అలుక్కుపోవు.

రంగులవారీగా చూస్తే

గుంపులు తేలాక వచ్చిన లెక్క ఇది. చదివేవాళ్ళు కుదురుగా కూర్చోలేకపోతున్నారు, 23. పరీక్షలు మారాయి, అల్మారాలోని పుస్తకాలు మారలేదు, 17. తీరిక వేళల్లో మూసి ఉంటోంది, 14. మరుగుదొడ్డి ఉన్నా లేనట్టే, 11. పిల్లలొస్తే కూర్చోబెట్టే మూల లేదు, 8. ఏ గుంపులోనూ చేరనివి 7. మొత్తం 80.

ఇలా చూస్తే మరుగుదొడ్డిది నాలుగో స్థానం. డబ్బు మూడు పనులకే సరిపోతే అది జాబితాలోంచి జారిపోతుంది. ఇప్పుడు రంగుల గడి తెరవాలి. 80లో పసుపువి 50, గులాబీవి 16, ఆకుపచ్చవి 14. మరుగుదొడ్డి గురించిన 11లో 9 గులాబీ. ఆడవాళ్ళు చెప్పిన 16 మాటల్లో సగానికి పైగా ఈ ఒక్క విషయమే. పరీక్షల పుస్తకాల 17 మాత్రం మొత్తం పసుపే. రెండో స్థానంలో ఉన్నది ఒక వర్గం కోరిక, నాలుగో స్థానంలో ఉన్నది ఇంకో వర్గం మొదటి కోరిక. గదిలో యువత 15 మంది, ఆడవాళ్ళు 6గురు కావడం వల్ల అంకెలు అలా వరుస తీరాయి. ఎవరిని పిలిచారన్నది ప్రతి అంకెలోనూ దాక్కుని ఉంటుంది. అందరికీ ఒకే రంగు ఇచ్చి ఉంటే ఆ సంగతి ఫొటోల్లోంచి బయటికి తీయడం అసాధ్యం.

ఏ గుంపులోనూ చేరని 7 చీటీలను "ఇతరములు 7" అని ముగించేయడం ఆనవాయితీ. వీటిని బలవంతంగా ఏదో ఒక గుంపులో ఇరికించడం కవకితకు నచ్చని పని, ఒంటరి చీటీని ఒంటరిగానే ఉండనివ్వాలి. అలా ఉండనివ్వాలంటే వాటిని లెక్కగా కాక మాటలుగానే అచ్చు వేయాలి. ఈ ఏడింటిలో ఒకటి ఆకుపచ్చ చీటీ: "వెనక గదిలో పాత పత్రికల కట్టలకు చెద పట్టింది". రాసింది ఒక్కరే. వెనక గదికి వెళ్ళేవాళ్ళు మిగతా 25 మందిలో ఎవరూ లేకపోవచ్చు, అందుకే లెక్క 1. మిగతా కోరికలు వచ్చే బడ్జెట్ దాకా ఆగినా ఫరవాలేదు, చెద ఆగదు.

గుంపులు సరిగ్గా ఉన్నాయో లేదో తెలియాలంటే ఇంకొకరి చేతికి శీర్షికలు మాత్రం ఇచ్చి, ఎక్కడినుంచైనా తీసిన 20 చీటీలను సర్దమనాలి. ఒకటి రెండు తేడా వస్తే మామూలే. ఐదారు వేరేచోట పడితే, పడ్డ చోట్లు చూడాలి. అవన్నీ రెండు శీర్షికల మధ్యే అటూ ఇటూ తిరుగుతుంటే తప్పు సర్దినవాళ్ళది కాదు, ఆ రెండు శీర్షికలది. "సాయంత్రం లైట్లు చాలవు" అన్న చీటీ కూర్చునే చోటుదా, వేళలదా అన్న తగువు ఇక్కడ తప్పక వస్తుంది. లైటు ఉంటే ఏడింటిదాకా చదువుకోగలరు కాబట్టి చోటులోనే ఉంచారు. ఇంకొకరు మరోలా ఉంచినా తప్పనలేం, ఎందుకు ఉంచారో ఒక ముక్క రాసి ఉంటే చాలు.

నివేదిక అడుగున ఒక పంక్తి ఉండాలి: ఫొటోల్లో కనిపించినవి 91, రెండుసార్లు పడ్డవి 12 తీసివేత, నిర్వాహకులవి 3 తీసివేత, చదవలేనివి 2 తీసివేత, విడదీయడం వల్ల పెరిగినవి 6, వెరసి 80. దాని పక్కనే చదవలేని రెండు చీటీల ఫొటో ముక్కలు. ఈ కాగితాన్ని గ్రంథాలయం నోటీసు బోర్డులో పెడితే రాసినవాళ్ళు ముందు తమ చీటీ కోసమే వెతుక్కుంటారు. పెన్సిల్‌తో రాసిన పెద్దాయన వచ్చి "అది నాదేనయ్యా, కరెంటు పోతే ఉక్కకు చచ్చిపోతున్నాం, ఇన్వర్టర్ పెట్టించమన్నాను" అంటే చదవలేనివి 1 అవుతాయి, కూర్చునే చోటు గుంపు 24, మొత్తం 81.